గీతను 25 నుంచి 23కు దించండి: మధుమేహ స్క్రీనింగు నియమాలు రాసేవారికి బహిరంగ లేఖ

ఆరోగ్య పరీక్షల నియమాలు రాసే కమిటీల సభ్యులకు, ఆ నియమాలను పత్రాలుగానూ కంప్యూటర్ ప్రోగ్రాములుగానూ మార్చే అధికారులకు,

నమస్కారం.

దాహం, అతిమూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటి లక్షణాలతో వచ్చిన మనిషికి షుగరు పరీక్ష చేయాలా వద్దా అన్న ప్రశ్నే ఉండదు, వెంటనే చేయాలి. మీ నియమాలతో పని పడేది ఏ లక్షణమూ లేని మనిషి విషయంలో. అతన్ని పరీక్షకు పంపాలో వద్దో చాలాచోట్ల రెండు అంకెలే తేల్చేస్తున్నాయి. ఒకటి వయసు, రెండోది బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. బీఎంఐ 25 దాటితేనే అధిక బరువు, అధిక బరువు ఉంటేనే పరీక్ష. మధుమేహ రోగులను చూడటమే వృత్తిగా ఉన్న వైద్యుడిగా నా అభ్యంతరం ఈ 25 మీదే. దక్షిణాసియా మూలాలున్న పెద్దవాళ్లు ఏ దేశంలో నివసిస్తున్నా, వాళ్ల విషయంలో ఈ గీత తప్పుచోట ఉంది. ఇది కొత్త సంగతేమీ కాదు, ఇరవై ఏళ్లుగా వైద్య పత్రికల్లో ఉన్నదే. అయినా మీ పత్రాల్లోకి రాలేదు, వచ్చినచోట కూడా అడుగున చిన్న అక్షరాల్లోకి పోయింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వయసు 33. మగవాడు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. కూర్చుని చేసే ఉద్యోగం, వ్యాయామం లేదు. తండ్రికి మధుమేహం ఉంది. చూడటానికి లావుగా ఉండడు, చొక్కా లోపల పొట్ట మాత్రం కొంచెం ముందుకు ఉంటుంది. నడుము చుట్టుకొలత 93 సెంటీమీటర్లు. బీఎంఐ లెక్కిస్తే 23.5. ఇలాంటి వాళ్లు మనకు కొత్త కాదు, ఏ కుటుంబంలో చూసినా ఒకరిద్దరు కనిపిస్తారు.

ఇప్పుడు ఇతన్ని ఒక్కొక్క నియమం ముందు నిలబెట్టి చూద్దాం.

అమెరికాలో నివారణ సేవలపై సిఫారసులు చేసే నిపుణుల బృందం ఒకటి ఉంది, యూఎస్ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్. 2021లో అది పరీక్ష మొదలుపెట్టే వయసును 40 నుంచి 35కు తగ్గించింది. 35 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండి, అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లకు పరీక్ష చేయమంది. మన మనిషి వయసు 33, బీఎంఐ 25 లోపు. రెండు అంకెల దగ్గరా ఆగిపోయాడు. నిజానికి అదే పత్రంలో, ప్రధాన సిఫారసు కింద ఇచ్చిన వివరణలో, ఆసియా మూలాలున్నవారికి బీఎంఐ 23 నుంచే పరీక్ష సముచితం కావచ్చనీ, కుటుంబంలో మధుమేహం ఉన్నవారికీ ముప్పు ఎక్కువగా ఉన్న జాతి సమూహాలకూ ఇంకా చిన్న వయసులోనే ఆలోచించమనీ రాసి ఉంది. అయితే కంప్యూటర్‌లోకి ఎక్కేది ప్రధాన సిఫారసు. వివరణ చదవాల్సింది డాక్టరు, ఆయనకు ఒక్కో రోగికి దొరికే సమయం ఎంతో మీకు తెలుసు.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు 2015 నుంచే ఆసియా మూలాలవారికి 23 గీతను ప్రధాన వాక్యంలోకి తెచ్చాయి. బీఎంఐ 23 ఉండి, మరొక్క ముప్పు కారణం ఉంటే ఏ వయసులోనైనా పరీక్ష చేయమంటాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి మధుమేహం ఉండటం అలాంటి కారణమే, వ్యాయామం లేకపోవడం మరొకటి. బరువుతో, ముప్పు కారణాలతో సంబంధం లేకుండా అందరికీ 35 ఏళ్ల నుంచి పరీక్ష అన్నది దానికి అదనం. ఈ లెక్కన మన మనిషికి పరీక్ష జరుగుతుంది.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకం ఇంకా నేరుగా ఉంది. దక్షిణాసియా లేదా చైనా మూలాలుండి, 25 ఏళ్లు నిండి, బీఎంఐ 23 దాటితే రక్తపరీక్ష గురించి ఆలోచించమంది. మన మనిషికి ఎనిమిదేళ్ల క్రితం నుంచే ఈ తలుపు తెరిచి ఉంది. భారతదేశపు జాతీయ కార్యక్రమం బరువు గొడవ లేకుండా 30 ఏళ్లు దాటిన వాళ్లందరినీ పరీక్షించమంటుంది. దాని ప్రకారమూ ఇతనికి పరీక్ష జరగాలి.

అంటే ఒకే మనిషి, ఒకే శరీరం. ఏ నియమం కింద పడ్డాడన్న దాన్నిబట్టి పరీక్ష ఎనిమిదేళ్ల ముందే జరగవచ్చు, ఇంకా రెండేళ్లు ఆగవచ్చు. 35 నిండాక కూడా 25 గీతే అడ్డుంటే అసలు జరగకపోవచ్చు కూడా. 170 సెంటీమీటర్ల ఎత్తున్నవాడి బీఎంఐ 25 కావాలంటే బరువు 72 కిలోలు దాటాలి. 23 అయితే 66న్నర చాలు. ఈ ఆరు కిలోల మధ్యలో ఉన్నవాళ్ల గురించే ఈ లేఖ.

ఎందుకు 23 అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. దీనికి జవాబు మూడు వైపుల నుంచి వచ్చింది.

మొదటిది శరీర నిర్మాణం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం, దానితో ఒక ఫొటో వచ్చాయి. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు శాతం కొలిస్తే యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తే అలవాటున్న మనిషి అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి, ఇద్దరు వ్యక్తులతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదు. కానీ బీఎంఐ ఏం చూడలేదో ఆ ఫొటో బాగా చూపిస్తుంది. తూకానికి కండ, కొవ్వు ఒకటే.

మధుమేహానికి మాత్రం అవి ఒకటి కావు. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజులో పెద్ద వాటాను తీసుకునేది కండరాలు. కండ తక్కువైతే ఆ వాటా తీసుకునే చోటు తగ్గుతుంది. ఇక కొవ్వు చర్మం కింద నిల్వ ఉన్నంతకాలం చేసే హాని తక్కువ. అక్కడ పట్టనిది పొట్టలోపల, కాలేయంలో చేరినప్పుడు ఇన్సులిన్ మాట కాలేయం సరిగా వినదు, రాత్రంతా గ్లూకోజును వదులుతూనే ఉంటుంది. దక్షిణాసియా శరీరాల్లో సగటున కండ తక్కువ, కాలేయంలో కొవ్వు ఎక్కువ అని పలు అధ్యయనాలు చూపించాయి. దీనికితోడు ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సత్తువ కూడా చిన్న వయసులోనే తగ్గడం మొదలవుతోంది. అందుకే యూరప్ మూలాల మనిషికి బీఎంఐ 30 దగ్గర వచ్చే ఇబ్బంది మనవాళ్లకు చాలా ముందే వస్తుంది.

ఎంత ముందు? రెండో జవాబు అదే. ఇంగ్లండ్‌లో దాదాపు 15 లక్షల మంది వైద్య రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2021లో ప్రచురితమైంది. తెల్లజాతివారిలో బీఎంఐ 30 దగ్గర కొత్తగా మధుమేహం వచ్చే ముప్పు ఎంత ఉందో, అంతే ముప్పు మిగతా జాతులవారికి ఏ బీఎంఐ దగ్గర ఉందని వెతికారు. చైనా మూలాలవారికి 26.9 అని తేలింది. దక్షిణాసియా మూలాలవారికి 23.9. ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. 30 అంటే అధిక బరువు కాదు, ఊబకాయం. మీ పత్రంలో ‘సాధారణ బరువు’ అని రాసి ఉన్న గడిలో, తెల్లజాతివారి ఊబకాయంతో సమానమైన ముప్పు దాక్కుని ఉందన్నమాట. మన ఉదాహరణలోని మనిషి 23.5తో దాని అంచునే ఉన్నాడు.

మూడోది సూటిగా స్క్రీనింగుకు సంబంధించింది. మధుమేహం ఉన్నట్టు అంతకుముందు తెలియని ఆసియా అమెరికన్లకు గ్లూకోజు తాగించి పరీక్ష చేసి, బీఎంఐ గీత ఎక్కడ పెడితే ఎందరు దొరుకుతారని లెక్కించిన అధ్యయనం 2015లో వచ్చింది. అందులో పాల్గొన్నవారి వయసు 45, అంతకు పైన. 25 దగ్గర గీత గీస్తే మధుమేహం ఉన్న వంద మందిలో సుమారు 36 మంది పరీక్ష దాకా రాకుండానే ఇంటికి వెళ్లిపోతారు. 23కు దించితే తప్పిపోయేవారు 15కు తగ్గుతారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ గీతను మార్చడానికి ఆధారం ఇదే. జల్లెడ కన్నాలు ఎంత పెద్దవో కొలిచి మరీ మార్చారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 23 అన్నది ప్రకృతి గీసిన గీత కాదు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఆసియా జనాభాల సమాచారాన్ని చూసి, ముప్పు మొదలయ్యే చోటు ఒక్కో జనాభాలో 22 నుంచి 25 దాకా మారుతోందని చెప్పింది. అందరికీ ఒకే కొత్త గీత ఇవ్వడానికి నిరాకరించింది. 25, 30 అనే అంతర్జాతీయ గీతలను అలాగే ఉంచి, చర్యలు మొదలుపెట్టాల్సిన స్థానాలుగా 23ను, 27.5ను చేర్చింది. ‘ఆసియా’ అన్న ముద్ర కూడా వదులుగా ఉంది. చైనా మూలాలవారికీ దక్షిణాసియావారికీ మధ్య ఎంత తేడా ఉందో పైన చూశాం. మీ పత్రంలో వంశ మూలం అడిగే గడి ఉంటే, దాంట్లో దక్షిణాసియాను విడిగా పెట్టండి.

బీఎంఐ గీతను దించినంత మాత్రాన పని అయిపోదు. అంకె ఎలా కొలిచారన్నది కూడా పెద్ద తేడా తెస్తుంది. మన మనిషినే చూడండి. పత్రంలో ‘మీ ఎత్తు ఎంత’ అని అడిగి రాసుకుంటే 173 అని చెబుతాడు, ఎప్పుడో బూట్లతో కొలిచిన అంకె అది. 173 సెంటీమీటర్లకు 68 కిలోలంటే బీఎంఐ 22.7. గీత 23కు దించినా మళ్లీ తప్పించుకున్నాడు. మూడు సెంటీమీటర్లు, ఒక జత బూట్లు. ఎత్తు అడిగి రాసుకునే పద్ధతి మీ నియమాల్లో ఉంటే దాన్ని ముందు మార్చండి, కొలవమనండి.

నడుము కొలతదీ అదే కథ. దక్షిణాసియా మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు గీతలు. చాలామంది ప్యాంటు సైజు చెబుతారు, దానికీ దీనికీ సంబంధం లేదు. పొట్ట ఉన్నవాళ్లు ప్యాంటును పొట్ట కిందికి దించి కట్టుకుంటారు కాబట్టి సైజు చిన్నదే ఉంటుంది. కొలవాల్సింది చివరి పక్కటెముక కింది అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో. టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, చర్మాన్ని నొక్కకూడదు, మామూలుగా గాలి వదిలిన తర్వాత చదవాలి. మనిషి పొట్ట లోపలికి బిగబట్టుకుంటాడు, అది సహజం. ఏదైనా మాట్లాడించి ఆ సమయంలో చదివితే అసలు అంకె వస్తుంది.

బీఎంఐ మీద ఇంత రాశాక, బీఎంఐ ఒక్కదాన్నే నమ్ముకున్న నియమం ఏదైనా కొందరిని వదిలేస్తుందని కూడా చెప్పాలి. అందుకే పాయింట్ల పద్ధతులు వచ్చాయి. వాటిలో చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం 2005లో ప్రచురించిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ అంటే నాకు గౌరవం. నాలుగే ప్రశ్నలు: వయసు, నడుము, శారీరక శ్రమ, తల్లిదండ్రులకు మధుమేహం ఉందా. తూకం అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు. 60, ఆపైన వస్తే ముప్పు ఎక్కువ అని అర్థం, రక్తపరీక్షకు పంపాలి.

మన మనిషికి ఈ పాయింట్లు వేసి చూద్దాం. నడుము 90 నుంచి 99 మధ్య ఉంది కాబట్టి 10. వ్యాయామమూ శ్రమ ఉన్న పనీ రెండూ లేవు కాబట్టి 30. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంది కాబట్టి 10. వయసు 35 లోపు కాబట్టి సున్నా. మొత్తం 50. అంటే మధ్యస్థ ముప్పు. గీత దాటలేదు. రెండేళ్ల తర్వాత 35 నిండిన రోజున వయసుకు 20 పాయింట్లు వచ్చి చేరతాయి, మొత్తం 70 అవుతుంది. నిన్న మధ్యస్థం, ఇవాళ అధికం. శరీరంలో ఆ రాత్రి ఏమీ జరగలేదు. ఇది ఆ స్కోరు తయారుచేసినవారి తప్పు కాదు, పెద్ద జనాభాలో ఎక్కువమందిని పట్టుకోవడానికి చేసిన పరికరం అది. దాన్ని 35 లోపు మనిషికి ‘నీకు పరీక్ష అక్కర్లేదు’ అని చెప్పడానికి వాడటం మన తప్పు. వయసుకు సున్నా వచ్చినవాడు 60కి చేరాలంటే మిగిలిన మూడు ప్రశ్నల్లో దాదాపు అన్నింటా పూర్తి పాయింట్లు తెచ్చుకోవాలి.

అందుకే నా కోరిక ఇలా ఉంది. దక్షిణాసియా మూలాలున్నవారికి 30 ఏళ్లు దాటాక బరువు ఎంతైనా పరీక్ష చేయండి. 25 నుంచి 29 మధ్య వయసువారికి బీఎంఐ 23 చేరినా, నడుము గీత దాటినా, తల్లిదండ్రులకో తోబుట్టువులకో మధుమేహం ఉన్నా, రక్తపోటు ఉన్నా, మెడ వెనకా చంకల్లోనూ చర్మం నల్లగా మందంగా మారినా చేయండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, రెండు మూడు కలవాలని షరతు పెట్టకండి. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారు వయసుతో సంబంధం లేకుండా జాబితాలో ఉండాలి. ఇందులో 25 ఏళ్లు, 23 బీఎంఐ బ్రిటన్ నుంచి, 30 ఏళ్లు భారతదేశం నుంచి తీసుకున్నవి. ఈ రెండింటినీ కలపడం మాత్రం నా అభిప్రాయం.

ఆడవారి విషయం విడిగా చెప్పకపోతే అన్యాయం. గర్భిణిగా ఉన్నప్పుడు షుగరు వచ్చి, కాన్పు తర్వాత తగ్గిపోయిన స్త్రీ వయసు 27 కావచ్చు, బీఎంఐ 21 కావచ్చు. ఆమెకు మీ రెండు అంకెలూ వర్తించవు. కాన్పు అయిన 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష, ఆ తర్వాత జీవితాంతం ఏడాది నుంచి మూడేళ్లకోసారి పరీక్ష అన్నది స్థిరపడిన సిఫారసు. జరుగుతున్నది వేరు. ప్రసవం చూసిన వైద్యురాలి దగ్గర ఆ సమాచారం ఉంటుంది. బిడ్డ పుట్టాక తల్లి ఆ వైద్యురాలి దగ్గరికి వెళ్లడం మానేస్తుంది. తర్వాతెప్పుడో మామూలు డాక్టరు దగ్గర పత్రం నింపేటప్పుడు ‘మీకు షుగరు ఉందా’ అని అడిగితే లేదంటుంది, అది నిజమే. ‘గర్భంతో ఉన్నప్పుడు షుగరు ఉందని ఎప్పుడైనా చెప్పారా’ అని అడగాలి. అండాశయాల్లో నీటిబుడగలున్నాయని, పీసీఓఎస్ అని చెప్పారా అని కూడా. ఈ రెండు ప్రశ్నలు పత్రంలో చేర్చడానికి ఖర్చు లేదు.

ఇక ఏ పరీక్ష? మీ నియమాల్లో తరచూ కనిపించేది హెచ్‌బీఏ1సీ, రక్తంలో షుగరుకు మూడు నెలల సగటు. పరగడుపున రానక్కర్లేదు కాబట్టి సౌకర్యం. 6.5 శాతం, ఆపైన మధుమేహం, 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ. అయితే ఇది ఎర్రరక్తకణాల ఆయుష్షు మీద ఆధారపడిన పరీక్ష. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో పాత కణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. ఇటీవల రక్తం పోయినవారిలో, రక్తకణాలు త్వరగా చితికిపోయే జబ్బులున్నవారిలో తక్కువ చూపిస్తుంది. దక్షిణాసియా స్త్రీలలో రక్తహీనత ఎంత ఎక్కువో మీకు తెలియంది కాదు. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఒక్కదాని మీద తీర్పు ఇవ్వకుండా నేరుగా గ్లూకోజు కొలవాలని రాయండి.

పరగడుపు గ్లూకోజు డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మధుమేహం. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, ఆపైన ఉన్నా అంతే. లక్షణాలు లేని మనిషికి ఒక్క అంకెతో జబ్బు ముద్ర వేయకూడదు. ఒకే రోజు తీసిన రక్తంలో రెండు వేర్వేరు పరీక్షలు గీత దాటితే సరిపోతుంది. ఒకటి దాటి ఒకటి దాటకపోతే, దాటినదాన్ని మళ్లీ చేయాలి. వేలి నుంచి చుక్క తీసి చూసే గ్లూకోమీటరు ఎవరిని ప్రయోగశాలకు పంపాలో చెప్పడానికి పనికొస్తుంది, జబ్బు ఉందని రాయడానికి కాదు.

మన ఉదాహరణకు ఫలితాలు ఇలా వచ్చాయనుకుందాం. పరగడుపున 104, రెండు గంటలకు 168, హెచ్‌బీఏ1సీ 6.0. పరగడుపు అంకె ఒక్కటే చూసి ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం ప్రకారం అది మామూలే, వాళ్ల గీత 110. రెండు గంటల అంకె మాత్రం 140 దాటింది. చెన్నైలో రామచంద్రన్ బృందం చేసి 2006లో ప్రచురించిన నివారణ అధ్యయనంలో తీసుకున్నది సరిగ్గా ఇలా రెండు గంటల గ్లూకోజు పెరిగినవాళ్లనే, 531 మందిని. మామూలు సలహా మాత్రమే అందిన గుంపులో సుమారు మూడేళ్లలోనే 55 శాతం మంది మధుమేహంలోకి వెళ్లిపోయారు. ఆహారం, నడక మీద పదేపదే సలహా అందుకున్న గుంపులో అది 39 శాతం. బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ తేడా వచ్చింది. లావు లేని మనిషికి ‘బరువు తగ్గండి’ అని చెప్పి పంపేసే వైద్యులకు ఈ వాక్యం చూపించండి.

మీరు నాకు ఎదురు చూపించగలిగిన అధ్యయనం కూడా ఒకటుంది. దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. ఇంగ్లండ్‌లో 40 నుంచి 69 ఏళ్ల మధ్య, ముప్పు ఎక్కువగా ఉన్న 20 వేల మందితో చేసిన అడిషన్ కేంబ్రిడ్జ్ అధ్యయనం 2012లో వెలువడింది. స్క్రీనింగుకు పిలిచిన గుంపులో, పిలవని గుంపులో సుమారు పదేళ్ల తర్వాత మరణాల్లో తేడా కనిపించలేదు. స్క్రీనింగు మరణాలను ఆపుతుందని దీన్నిబట్టి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. అయితే అక్కడ పాల్గొన్నవారిలో అత్యధికులు తెల్లజాతివారు, మధ్యవయసు దాటినవారు. నేను అడుగుతున్నది వేరే జనం గురించి, వేరే దశ గురించి. 33 ఏళ్లకు ప్రీడయాబెటిస్ దగ్గర పట్టుకుంటే జబ్బును ఆలస్యం చేయవచ్చన్నది ఇక్కడి వాదన, దానికి చెన్నై అధ్యయనం లాంటి ఆధారం ఉంది. 2021 అమెరికా సిఫారసు కూడా ఎక్కువగా ఈ నివారణ ప్రయోజనం మీదే నిలబడింది.

గీత దించితే పరీక్షల సంఖ్య పెరుగుతుంది, అందులో ఎక్కువ ఫలితాలు మామూలుగానే వస్తాయి. నిజమే. వాటిలో కొన్ని ప్రీడయాబెటిస్ అని వచ్చి, ఎప్పటికీ మధుమేహంలోకి వెళ్లని మనుషులను కూడా కలవరపెడతాయి. దీనికి మార్గం గీతను పైన ఉంచడం కాదు, విరామాన్ని సరిగా రాయడం. ఫలితం మామూలుగా ఉంటే మూడేళ్ల దాకా మళ్లీ పిలవక్కర్లేదు. కంపెనీల వార్షిక పరీక్షల్లో ఏటా అందరికీ చేస్తున్న ఖర్చును ఆ మూడేళ్ల విరామంతో తగ్గించి, ఇప్పటిదాకా లెక్కలోకి రానివారి మీద పెట్టవచ్చు. ప్రీడయాబెటిస్ వస్తే ఏడాదికోసారి. మన మనిషికి వచ్చే ఏడాది ఇదే నెలలో పరీక్ష ఉంటుంది.

మీ తర్వాతి సవరణలో మార్చాల్సినవి ఇవి. కంప్యూటర్ ప్రోగ్రాములో ‘అధిక బరువు’ అన్న గడి 25 దగ్గర వెలుగుతుంటే, వంశ మూలం దక్షిణాసియా అని నమోదైనవారికి అది 23 దగ్గర వెలిగేలా చేయండి. నడుము కొలతకు ఒక గడి ఇవ్వండి. గర్భధారణ ప్రశ్నను చేర్చండి. ఎత్తు గడి పక్కన ‘బూట్లు లేకుండా కొలిచినది’ అని రాయండి. ప్రధాన సిఫారసు కింది వివరణలో ఉన్న 23ను ప్రధాన సిఫారసులోకే తీసుకురండి.

ఇట్లు,
మధుమేహ రోగులను చూసే ఒక వైద్యుడు